జూదానికి తలుపు మూయమని బ్యాంకుకు రాసే లేఖ



కడప ప్రాంతానికి చెందిన ఒక ఉపాధ్యాయుడు మాకు ఉత్తరం రాశారు. దానితోపాటు తన క్రెడిట్ కార్డు బిల్లును, బ్యాంకుకు పంపదలచిన లేఖ చిత్తుప్రతిని కూడా జతచేశారు. బిల్లు మొత్తం 46,700 రూపాయలు. అందులో కిరాణా, పెట్రోలు, మందుల ఖర్చు 9,200. మిగిలిన 37,500 రూపాయలు ఏడు చెల్లింపుల కింద పోయాయి. విచారించగా, డిగ్రీ చదువుతున్న కుమారుడు ఫోనులో పందెపు ఆటకు అలవాటు పడినట్లు తెలిసింది. చిత్తుప్రతిలో ఒకే ఒక వాక్యం ఉంది: "ఈ ఏడు చెల్లింపులతో నాకు గానీ, నా కుటుంబానికి గానీ ఏ సంబంధమూ లేదు, మొత్తం సొమ్ము తిరిగి ఇప్పించగలరు."

"ఇలా రాస్తే సరిపోతుందా?" అని ఆయన అడిగారు. సరిపోదని మా సమాధానం. కారణం ఒకటే. ఆ వాక్యంలో కొంత నిజం ఉంది, కొంత అబద్ధం ఉంది. ఆ అబద్ధమే నిజాన్ని కూడా ముంచుతుంది.

ముందు బిల్లును మూడు వరుసలుగా విడదీయాలి

మేము ఆయనను ఒక పని చేయమన్నాము. బిల్లును, ఫోనులోని సందేశాలను పక్కపక్కన పెట్టుకొని, కుమారుడిని ఎదుట కూర్చోబెట్టుకొని, ఒక్కొక్క చెల్లింపు గురించి నెమ్మదిగా అడగాలి. కోపం ఆ గంటసేపు పక్కన పెట్టాలి. భయపడిన పిల్లవాడు అన్నింటినీ ఒప్పుకుంటాడు, లేదా అన్నింటినీ కాదంటాడు. ఆ రెండూ ఇక్కడ పనికిరావు.

ఆ గంటలో తేలినది ఇది. 3,000, 5,000, 5,000, 8,000 చొప్పున నాలుగు చెల్లింపులు కుమారుడే చేశాడు. తండ్రి నమాజుకు వెళ్ళిన సమయంలో ఆయన ఫోనుకు వచ్చిన ఓటీపీని చూసి నమోదు చేశాడు. వీటి మొత్తం 21,000. ఇది మొదటి వరుస.

ఐదవ చెల్లింపు 5,000. మూడవదానికి రెండు నిమిషాల తరువాత, అదే పేరుతో మళ్ళీ పడింది. "ఒక్కసారే నొక్కాను అబ్బా, అది తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది" అన్నాడు కుమారుడు. ఆట ఖాతాలో కూడా ఒక్క ఐదు వేలే చేరింది. అంటే ఒకే చెల్లింపుకు రెండుసార్లు సొమ్ము తీసుకున్నారు. ఇది రెండవ వరుస.

మిగిలిన రెండు, 4,200 మరియు 7,300, మొత్తం 11,500 రూపాయలు. ఇవి 9వ తేదీ గురువారం తెల్లవారుజామున రెండు గంటలకు ఒక విదేశీ వ్యాపారి పేరిట పడ్డాయి. వీటికి ఓటీపీ రాలేదు. కుమారుడికి వీటి సంగతే తెలియదు. అంతకుముందు పందెపు సైటులో నమోదు చేసిన కార్డు వివరాలు ఎవరి చేతికో చిక్కి ఉండవచ్చు. మన దేశంలోని వ్యాపారుల వద్ద ఆన్‌లైన్ చెల్లింపునకు సాధారణంగా ఓటీపీ అడుగుతారు. విదేశీ వ్యాపారుల వద్ద చాలాసార్లు కార్డు నంబరు, గడువు తేదీ, వెనుక ఉండే మూడంకెలు ఉంటే చాలు. ఇది మూడవ వరుస.

అన్నింటినీ కాదంటే ఏమవుతుంది?

ఫిర్యాదు అందిన తరువాత బ్యాంకు తన నమోదులను తెరుస్తుంది. ఓటీపీ ఏ నంబరుకు వెళ్ళింది, ఎన్ని క్షణాలలో దానిని నమోదు చేశారు అనేది అందులో కనిపిస్తుంది. మొదటి నాలుగు చెల్లింపులు ఆ ఇంటి ఫోనుకు వచ్చిన ఓటీపీతోనే జరిగాయని తేలడం కష్టం కాదు. అప్పుడు "ఏ సంబంధమూ లేదు" అన్న మాట అక్కడే కూలిపోతుంది. నిజంగా మోసం జరిగిన ఆ 11,500 రూపాయల ఫిర్యాదును కూడా బ్యాంకు అదే అనుమానంతో చూస్తుంది.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన ఉత్తర్వు ఈ తేడాను స్పష్టంగా గీసింది. ఓటీపీ వంటి రహస్య వివరాలు ఖాతాదారుని నిర్లక్ష్యం వల్ల ఇతరులకు చేరి నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేంతవరకు జరిగిన నష్టం ఖాతాదారుడిదే. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుడిదీ కాక, మరెక్కడో జరిగినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాలలోగా ఫిర్యాదు చేసిన ఖాతాదారుడు ఒక్క రూపాయి కూడా భరించనవసరం లేదు. నాలుగు నుండి ఏడు పనిదినాల మధ్య చేస్తే, ఐదు లక్షల వరకు పరిమితి గల క్రెడిట్ కార్డుపై ఒక్కొక్క చెల్లింపునకు అతని భారం పదివేలకు మించదు. ఏడు దాటితే ఆయా బ్యాంకు తన విధానం ప్రకారం నిర్ణయిస్తుంది.

కనుక రోజుల లెక్క ముఖ్యం. సందేశం అందిన రోజును లెక్కించరు. ఖాతా ఉన్న శాఖ పనిదినాలనే లెక్కిస్తారు. మన ఉపాధ్యాయునికి సందేశం గురువారం వచ్చింది. శుక్రవారం ఒకటి. శనివారం 11వ తేదీ, రెండవ శనివారం కనుక సెలవు. ఆదివారం సెలవు. ఆయన బిల్లు చూసుకొని బ్యాంకు సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది 13వ తేదీ సోమవారం. అది రెండవ పనిదినం. అల్‌హమ్దులిల్లాహ్, ఆయన గడువులోనే ఉన్నారు. మరో రెండు రోజులు ఊరుకుని ఉంటే ఆ హక్కు సన్నగిల్లేది. ఆయన ఆ ఫోనులోనే కార్డును నిలిపివేయించి, ఫిర్యాదు సంఖ్య రాసుకున్నారు. 1930 నంబరుకు కూడా ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగంలో ఆ రెండు చెల్లింపులను నమోదు చేయించారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. "ఆ సైటులో కార్డు వివరాలు ఇవ్వడమే నిర్లక్ష్యం" అని బ్యాంకు వాదించే అవకాశం ఉంది. అయితే తప్పు ఖాతాదారుడిదని నిరూపించే బాధ్యతను ఆ ఉత్తర్వు బ్యాంకుపైనే ఉంచింది. ఆ వాదనకు దీటుగా నిలవాలంటే మన మాట మొదటి నుండి చివరి వరకు ఒకేలా ఉండాలి.

లేఖలో రెండు కోరికలు, రెండు భాగాలు

జరగబోయేదానిని ఆపమనడం ఒక కోరిక. జరిగినదానిని పరిశీలించమనడం మరొకటి. బ్యాంకులో వీటిని చూసే విభాగాలు సాధారణంగా వేరు. రెండింటినీ ఒకే పేరాలో కలిపితే ఒకదానికి జవాబు వచ్చి, రెండవది మరుగున పడుతుంది. అందువల్ల మేము ఆయన లేఖను ఇలా తిరగరాశాము:

"గౌరవనీయులైన అధికారి గారికి,

విషయం: క్రెడిట్ కార్డుపై జూదపు చెల్లింపుల నిలిపివేత, మూడు చెల్లింపుల పునఃపరిశీలన.

నేను మీ క్రెడిట్ కార్డుదారుడను. కార్డు చివరి నాలుగు అంకెలు .... ఈ నెల 13వ తేదీన ఫోను ద్వారా చేసిన ఫిర్యాదు సంఖ్య ....

మొదటి భాగం, నిలిపివేత. ఈ కార్డుపై, దీనికి బదులుగా ఇచ్చే కొత్త కార్డుపై, జూదం, పందెం, లాటరీ వర్గాలకు చెందిన వ్యాపారులకు ఏ చెల్లింపూ జరగకుండా నిలిపివేయగలరు. విదేశీ చెల్లింపులను పూర్తిగా ఆపగలరు. ఏయే వ్యాపారుల వద్ద నా కార్డుకు టోకెన్లు, నెలవారీ అనుమతులు ఉన్నాయో తెలిపి, వాటన్నింటినీ రద్దు చేయగలరు. కార్డు పరిమితిని 1,50,000 నుండి 30,000 రూపాయలకు తగ్గించగలరు. వీటిలో ఏది సాధ్యమో, ఏది కాదో లిఖితపూర్వకంగా తెలుపగలరు.

రెండవ భాగం, పునఃపరిశీలన. (అ) 9వ తేదీన విదేశీ వ్యాపారి పేరిట జరిగిన 4,200, 7,300 రూపాయల చెల్లింపులను నేను గానీ, నా కుటుంబ సభ్యులు గానీ చేయలేదు. వీటికి ఓటీపీ రాలేదు. వీటిని మోసపు చెల్లింపులుగా నమోదు చేసి, నిర్ణయం వెలువడే వరకు వీటిపై వడ్డీ గానీ, రుసుము గానీ విధించవద్దని కోరుతున్నాను. (ఆ) ఒకే వ్యాపారికి రెండు నిమిషాల వ్యవధిలో 5,000 రూపాయలు రెండుసార్లు పడ్డాయి. ఒకటి పొరపాటు. వ్యాపారి బ్యాంకు నుండి ఆధారాలు తెప్పించి రెండవదానిని వెనక్కి ఇప్పించగలరు. (ఇ) అదే వ్యాపారికి జరిగిన మిగిలిన నాలుగు చెల్లింపులు, మొత్తం 21,000 రూపాయలు, మా ఇంటి నుండే జరిగినవి. వీటిని నేను మోసంగా పేర్కొనడం లేదు. అయితే బిల్లులో ఆ వ్యాపారి పేరు స్టేషనరీ దుకాణంలా ఉంది, సొమ్ము చేరింది పందెపు ఆటకు. ఆ వ్యాపారి ఏ వర్గం కింద నమోదయ్యారో పరిశీలించి తగిన చర్య తీసుకోగలరు.

జతపరచినవి: గుర్తులు పెట్టిన బిల్లు, ఫోను సందేశాల ప్రతులు, ఆట ఖాతా జమల ప్రతి, 1930 ఫిర్యాదు రసీదు."

లేఖపై సంతకం కార్డు ఎవరి పేరిట ఉందో వారిదే కావాలి. భార్యో, తండ్రో, సోదరుడో రాస్తే బ్యాంకు వివరాలు చెప్పదు. కార్డు పూర్తి సంఖ్య, పిన్, వెనుక ఉండే మూడంకెలు లేఖలో ఎక్కడా రాయకూడదు. శాఖలో ఇచ్చి ముద్ర వేయించుకున్న ప్రతి ఒకటి, బ్యాంకు ఫిర్యాదుల ఈమెయిలుకు పంపిన ప్రతి ఒకటి దాచుకోవాలి.

(ఇ) భాగం చదివి ఆయన కలవరపడ్డారు. "అబ్బాయిని నేనే పట్టించినట్లు కాదా?" అని అడిగారు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద నిరోధక చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధించాయి. అందుకే ఆ వాక్యంలో పేరు లేదు, కథ లేదు. "మా ఇంటి నుండే జరిగినవి" అన్నంత వరకే ఉంది. అబద్ధం చెప్పకుండా ఉండటం మన బాధ్యత. అడగని వివరాలన్నీ లేఖలో పోయవలసిన బాధ్యత లేదు. మొత్తాలు పెద్దవై, పోలీసు విచారణ వచ్చే సూచన ఉంటే లేఖకు ముందే న్యాయవాదిని కలవడం అవసరం.

నిలిపివేత ఎంతవరకు పనిచేస్తుంది?

ప్రతి వ్యాపారికీ కార్డు వ్యవస్థలో ఒక నాలుగంకెల వర్గసంఖ్య ఉంటుంది. జూదం, పందెం వ్యాపారాలకు అది 7995. బ్యాంకు ఆ సంఖ్యను ఆపివేస్తే ఆ వర్గానికి చెందిన చెల్లింపులు తిరస్కరించబడతాయి. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం కార్డుదారుడు తానే యాప్ ద్వారా ఆన్‌లైన్, విదేశీ చెల్లింపులను ఆపుకోవచ్చు, వాటి పరిమితి తగ్గించుకోవచ్చు. కానీ ఒక వ్యాపార వర్గాన్ని మాత్రమే ఆపే మీట ఆ ఆదేశంలో లేదు. దానిని బ్యాంకును అడగాలి. బ్యాంకు తటపటాయిస్తే, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెపు ఆటలకు బ్యాంకులు చెల్లింపులు జరపరాదని చెబుతున్నదని గుర్తుచేయవచ్చు. విదేశీ లాటరీలకు, పందేలకు సొమ్ము పంపడాన్ని విదేశీ మారక నిబంధనలు 2000 సంవత్సరం నుండే నిషేధించాయి.

అయినా ఈ తలుపుకు సందులు ఉన్నాయి. మన ఉపాధ్యాయుని బిల్లులోనే చూడండి. వ్యాపారి తన అసలు వర్గాన్ని దాచి, స్టేషనరీ దుకాణం ముసుగు వేసుకున్నాడు. అలాంటివాడు 7995 కంచెకు చిక్కడు. రెండవ సందు వాలెట్. కార్డు నుండి వాలెట్‌కు, వాలెట్ నుండి ఆటకు సొమ్ము వెళితే బ్యాంకుకు వాలెట్ పేరే కనిపిస్తుంది. మూడవది యూపీఐకి జతచేసిన రూపే క్రెడిట్ కార్డు. నాలుగవది టోకెను. 2022 అక్టోబరు నుండి వ్యాపారులు కార్డు నంబరును తమ వద్ద దాచుకోరాదు. దానికి బదులు టోకెను ఉంటుంది. కార్డు మార్చినా పాత టోకెను కొత్త కార్డుకు అనుసంధానమై మిగిలిపోవచ్చు. అందుకే టోకెన్లను విడిగా రద్దు చేయమని లేఖలో కోరాము. అందుకే పరిమితిని కూడా తగ్గించమన్నాము. ఏ కంచెను దాటినా నష్టం ఆ పరిమితి వద్ద ఆగుతుంది.

నిలిపివేత పనిచేస్తోందా అని పరీక్షించడానికి ఎవరూ పందెపు సైటులో పది రూపాయలైనా కట్టి చూడకండి. బ్యాంకు లిఖితపూర్వక జవాబు, తిరస్కరణ సందేశాలు, నెలనెలా బిల్లు, ఈ మూడే పరీక్ష. తెలియని దుకాణం పేరుతో గుండ్రని మొత్తాలు, అవీ ఒకే రాత్రి రెండు మూడుసార్లు కనిపిస్తే కంచెకు ఎక్కడో సందు ఉన్నట్లే.

గడువు తేదీన ఎంత కట్టాలి?

ఆయన బిల్లుకు గడువు తరువాతి నెల 1వ తేదీ. "వివాదం తేలేవరకు కనీస మొత్తం కట్టి ఊరుకుంటాను" అన్నారు. వద్దన్నాము. కనీస మొత్తమే కడితే మిగిలిన బాకీపై వడ్డీ మొదలవుతుంది. అంతేకాదు, మరుసటి నెలలో కొనే పప్పు ఉప్పులకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. జూదం నుండి బయటపడబోయి వడ్డీలో పడటం ఏ ముస్లిం గృహస్థు కోరుకుంటాడు?

రిజర్వు బ్యాంకు 2022 కార్డు నిబంధనల ప్రకారం, మోసమని ఫిర్యాదు చేసిన చెల్లింపులపై వివాదం తేలేవరకు రుసుములు విధించరాదు. కనుక 46,700లో నుండి 11,500 మాత్రమే ఆపి, 35,200 కట్టమన్నాము. రెండుసార్లు పడిన 5,000 కూడా ఇందులో ఉంది. అది మోసం కాదు, లెక్క పొరపాటు. దానికి ఆ రక్షణ స్పష్టంగా వర్తించదు. ముందు కట్టి, తరువాత జమ చేయించుకోవడమే క్షేమం. ఆయన తన పొదుపులో నుండి ఆ సొమ్ము తీసి, గడువుకు మూడు రోజుల ముందే కట్టేశారు.

ఏమి తిరిగి వచ్చింది, ఏమి రాలేదు

మోసపు చెల్లింపు గురించి తెలిపిన పది పనిదినాలలోగా బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి. 11,500 రూపాయలు ఆ గడువులోనే జమ అయ్యాయి. ఇది తుది తీర్పు కాదని, తొంభై రోజులలోగా విచారణ ముగిసేవరకు ఆ సొమ్ము ఖర్చు లెక్కలో వేసుకోవద్దని మేము చెప్పాము. తరువాత అది ఖరారైంది. రెండవసారి పడిన ఐదు వేలు ఆరు వారాలకు తిరిగి వచ్చాయి. బిల్లుపై అభ్యంతరానికి బ్యాంకు ముప్పై రోజులలోగా వివరణ, ఆధారాలు ఇవ్వాలి. అలా ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆయనకు ఆ అవసరం రాలేదు.

నిలిపివేత గురించి వచ్చిన జవాబు సూటిగా ఉంది. జూదపు వర్గాన్ని ఆపామని, టోకెన్లు రద్దు చేశామని, పరిమితి తగ్గించామని, అయితే వేరే వర్గం పేరుతో వచ్చే వ్యాపారిని తాము ముందుగా గుర్తించలేమని బ్యాంకు రాసింది. ఆ చివరి వాక్యమే మన ఇళ్ళకు మిగిలిన పని.

21,000 రూపాయలు తిరిగి రాలేదు. రావని మేము మొదటే చెప్పాము. ఆ సొమ్మును కుమారుడు సాయంత్రాలలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి, నెలకు రెండు వేల చొప్పున తండ్రికి చెల్లిస్తున్నాడు. ఫోను తాళం సంకేతం మార్చారు. ఓటీపీ సందేశం ఇప్పుడు తండ్రి చూసిన తరువాతనే ఎవరైనా చూస్తారు.

సూరా అల్‌మాయిదా 90వ ఆయతు జూదాన్ని సారాయితో కలిపి నిషేధించిందని మనందరికీ తెలుసు. ఆ జూదం మిగిల్చిన నష్టాన్ని అబద్ధపు ఫిర్యాదుతో పూడ్చుకోబోతే ఒక పాపానికి మరొకటి తోడవుతుంది. ఆయన చివరి ఉత్తరంలో ఇలా రాశారు: "మీరు చెప్పిన (ఇ) భాగం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. లేఖను శాఖలో ఇచ్చే ముందు మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు తల వంచుకొని విన్నాడు. ఆ రాత్రి ఆట యాప్‌ను వాడే తీసేశాడు."